‘మిస్టర్ టాంబొరిన్ మ్యాన్’లో బర్డ్స్ సభ్యులు వాయించింది ఎంత?

వేణుమాధవ్ (విజయవాడ)

సభ్యులకు నమస్కారం. అమెరికన్ రాక్ బృందం బర్డ్స్ 1965లో విడుదల చేసిన ‘మిస్టర్ టాంబొరిన్ మ్యాన్’ కళాశాల రోజుల నుంచి నాకు ఇష్టమైన రికార్డు. ఆల్బమ్ అట్ట మీద ఐదుగురి ముఖాలు ఉంటాయి కాబట్టి ఆ ఐదుగురే వాయించారని ఇంతకాలం అనుకుంటూ వచ్చాను. ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో, అందులోని అదే పేరు గల పాటలో వాద్యం పట్టుకున్న బర్డ్స్ సభ్యుడు ఒక్కడేననీ, మిగిలిన వాద్యాలన్నీ లాస్ ఏంజెలెస్ స్టూడియోలలో డబ్బు తీసుకుని వాయించే సెషన్ వాద్యకారులవనీ ఉంది.

నేను అడగదలచినవి రెండు. ఇది నిజమేనా, నిజమైతే ఎలా నిర్ధారించారు? రెండవది, ఆ పాటకు వచ్చిన కొత్త ధ్వనిలో ఆ బయటివారి వాటా ఎంత? ‘జానపద రాక్’ అనే ధోరణికి ఈ రికార్డే నాంది అంటారు కదా. ఆ నాంది పలికిన చేతులు ఎవరివో తెలుసుకోవాలని ఉంది.

కిరణ్_స్ట్రాట్

వేణుమాధవ్ గారూ, మీరు చదివింది నిజమే, పైగా తక్కువ చేసి రాశారు. ఆ ఒక్క పాటే కాదు, ఆల్బమ్ మొత్తం ‘రెకింగ్ క్రూ’ అనే సెషన్ వాద్యకారుల ముఠా వాయించినదే. ఆ రోజుల్లో ఇది అందరూ చేసిన పనే. లండన్‌లో కింక్స్ బృందం ‘యూ రియల్లీ గాట్ మీ’లో వినిపించే ఆ గిటార్ సోలో కూడా జిమ్మీ పేజ్ వాయించాడు, అప్పటికి లెడ్ జెప్పెలిన్ పుట్టనే లేదు. అట్ట మీద ఉన్న బొమ్మలను నమ్మకూడదు.

రఘురామ్.కె

ఇందులో ఆశ్చర్యం ఏముంది? మన సినిమాలలో నటుడు పెదవులు కదిపితే పాడేది వేరొకరు. మిల్లీ వనిల్లీ అనే జంట తమ ఆల్బమ్‌లో ఒక్క ముక్క కూడా పాడలేదని తేలాక 1990లో వారి గ్రామీ బహుమతిని వెనక్కి తీసుకున్నారు. బర్డ్స్‌కు వచ్చిన పేరును కూడా వెనక్కి తీసుకోవలసిందని మీ అభిప్రాయమా?

సీతారామయ్య (చెన్నై)

రఘురామ్ గారూ, ఇక్కడ అడుగుతున్నది వేరు. బర్డ్స్ రికార్డులో వినిపించే గొంతులు బర్డ్స్ సభ్యులవే. ఆ విషయంలో ఎవరికీ అనుమానం లేదు. ప్రశ్న వాద్యాల గురించి.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ రికార్డింగ్ గదిలో మీటల వెనుక కూర్చున్నవాణ్ణి కాబట్టి, ఆ రోజు ఏం జరిగిందో కాస్త వివరంగా రాస్తాను. బర్డ్స్‌తో కొలంబియా సంస్థ 1964 నవంబరులో ఒప్పందం చేసుకుంది. 1965 జనవరి 20న హాలీవుడ్‌లోని ఆ సంస్థ స్టూడియోలో తొలి సింగిల్ రికార్డింగు జరిగింది. నిర్మాత టెర్రీ మెల్చర్‌కు అప్పటికి ఇరవై మూడేళ్లు కూడా నిండలేదు. ఆయన చేతిలో ఉన్నది మూడు గంటల సెషన్, ఆ మూడు గంటల్లోనే సింగిల్ రెండు వైపులా పూర్తి కావాలి.

బృందం పరిస్థితి చూడండి. డ్రమ్స్ వాయించే మైకేల్ క్లార్క్‌కు మొదట్లో సొంత డ్రమ్ములు కూడా లేవు, అట్టపెట్టెల మీద సాధన చేసినవాడు. బేస్ వాయించే క్రిస్ హిల్‌మన్ నిజానికి బ్లూగ్రాస్ సంగీతంలో మాండొలిన్ వాద్యకారుడు, బేస్ గిటార్ చేతికి వచ్చి కొద్ది నెలలే అయింది. ఇలాంటి వారితో మూడు గంటల్లో రెండు పాటలు సిద్ధం చేయడం ఏ నిర్మాతకైనా గుండె దడ పుట్టించే పని. అందుకే మెల్చర్ డ్రమ్స్‌కు హాల్ బ్లేన్‌ను, బేస్‌కు ల్యారీ నెక్టెల్‌ను, రిథమ్ గిటార్‌కు జెర్రీ కోల్‌ను, ఎలక్ట్రిక్ పియానోకు లియాన్ రస్సెల్‌ను పిలిపించాడు. బర్డ్స్‌లో వాద్యం పట్టుకోనిచ్చింది అప్పట్లో జిమ్ అని పిలిచే రోజర్ మెగ్విన్‌ను మాత్రమే. అతను న్యూయార్క్‌లో ఇతరుల పాటలకు వాయించి వచ్చినవాడు, స్టూడియో క్రమశిక్షణ తెలిసినవాడు. జీన్ క్లార్క్, డేవిడ్ క్రాస్‌బీ గొంతులు కలిపారు.

కిరణ్ గారు చెప్పిన దానిలో సగం సరి. ఆ నలుగురు వాయించింది ఈ సింగిల్‌కు, దాని రెండో వైపున ఉన్న ‘ఐ న్యూ ఐడ్ వాంట్ యూ’ పాటకు మాత్రమే. ఆల్బమ్‌లోని మిగిలిన పాటలన్నీ బర్డ్స్ స్వయంగా వాయించుకున్నవి. కింక్స్ విషయంలోనూ అంతే. ఆ సోలో డేవ్ డేవిస్‌ది, తాను వాయించలేదని పేజ్ కూడా చెప్పాడు. అయితే ఆ పాటలో బయటివాడు ఒకడు నిజంగానే ఉన్నాడు: డ్రమ్స్ దగ్గర కూర్చున్నది బాబీ గ్రాహమ్ అనే సెషన్ వాద్యకారుడు. కింక్స్ డ్రమ్మర్ మిక్ ఎవరీ చేతికి టాంబొరిన్ ఇచ్చారు. అందరూ గిటార్ గురించి వాదించుకుంటూ డ్రమ్ముల సంగతి మరిచిపోయారు.

కిరణ్_స్ట్రాట్

పేజ్ కింక్స్ మొదటి ఆల్బమ్‌లో వాయించాడన్నది మాత్రం అందరూ ఒప్పుకున్న విషయమే కదా సార్. ఆ సోలో వింటుంటే నాకు ఇప్పటికీ అతని చేయిలాగే అనిపిస్తుంది.

సీతారామయ్య (చెన్నై)

ఆల్బమ్‌లో కొన్ని పాటలకు రిథమ్ గిటార్ వాయించాడు. సోలో వేరు. పదిహేడేళ్ల కుర్రవాడు, బ్లేడుతో చీల్చిన స్పీకరుతో, తొందరపడుతూ వాయించిన సోలో అది. నాకైతే పేజ్ వేళ్ల నిదానం అందులో ఎక్కడా కనిపించదు.

వేణుమాధవ్ (విజయవాడ)

చాలా కృతజ్ఞతలు, సీతారామయ్య గారూ. మరి నా రెండో ప్రశ్న అలాగే ఉంది. ఆ నలుగురు తమకు ఇచ్చినదాన్ని శుభ్రంగా వాయించి వెళ్లారా, లేక పాట రూపాన్నే మార్చారా? ఆ పాట పుట్టిందే జానపద గాయకుడు బాబ్ డిలన్ దగ్గర, తీర్చిదిద్దింది మెగ్విన్ అయినప్పుడు, వారికి మిగిలినది ఏమిటి?

సీతారామయ్య (చెన్నై)

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పాటను పొరలు పొరలుగా విడదీసి వినాలి.

డిలన్ పాట అయిదున్నర నిమిషాలు, నాలుగు చరణాలు, రెండు బీట్ల నడక. మెగ్విన్ దాన్ని నాలుగు బీట్ల నడకలోకి మార్చాడు. చరణాలలో ఒక్కదాన్నే ఉంచి, దానికి ముందూ వెనుకా పల్లవిని పెట్టడంతో మొత్తం రెండున్నర నిమిషాల లోపుకు వచ్చింది. మొదట్లో వినిపించే పన్నెండు తంత్రుల రికెన్‌బ్యాకర్ స్వరాలు అతని సొంతం. బాక్ రచన ఒకటి వింటూ వాటికి రూపం ఇచ్చానని అతనే చెప్పాడు. ఇంతవరకు బయటివారికి సంబంధం లేదు.

ఇక ఆ గిటార్‌ను మనసులోనే పక్కకు తీసి, మిగిలినది వినండి. గిటార్ తొలి స్వరాలు మోగగానే బేస్ జారుతూ వచ్చి కలుస్తుంది. ఆ జారుడు నెక్టెల్‌ది. నా దృష్టిలో వినేవాణ్ణి మొదటి మూడు సెకన్లలో కట్టిపడేసేది రికెన్‌బ్యాకర్ ఒక్కటే కాదు, దాని కిందకు ఆ బేస్ వచ్చి చేరే తీరు కూడా. తరువాత వెనుక నుంచి బీటుకు బీటుకు మధ్య పొట్టిగా తెగిపోయే రిథమ్ గిటార్ వినిపిస్తుంది. మెల్చర్ ఈ నడకను బీచ్ బాయ్స్ ‘డోంట్ వర్రీ బేబీ’ నుంచి తెచ్చుకున్నాడు. అంటే న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ కాఫీ హోటళ్ల జానపద వాతావరణం నుంచి వచ్చిన పాట కింద కాలిఫోర్నియా సముద్ర తీరపు నడక పెట్టారన్నమాట. ఈ రెండూ కలిసిన చోటనే ‘కొత్త ధ్వని’ పుట్టింది. ఆ నడకను చెప్పిన మరుక్షణం చేతుల్లోకి తెచ్చుకోగలిగినవారు బ్లేన్, నెక్టెల్, కోల్.

బ్లేన్ డ్రమ్స్ గురించి కూడా ఒక మాట. ఆయన ఇందులో గొప్ప ప్రదర్శన ఏమీ చేయలేదు. పాటంతా ఒకే వేగం, ఒకే బరువు. గొంతులు ముగ్గురివి సాగదీసినట్లు నిదానంగా పాడుతున్నప్పుడు, కింద లయ రవ్వంత వెనక్కి లాగినా పాట కుంగిపోతుంది. అలా కుంగలేదని మనం గమనించం, ఎందుకంటే కుంగనివ్వలేదు. డ్రమ్స్‌కు ఇంకా కొత్తవాడైన కుర్రవాడికి అది చేతకాని పని. ఇదే బృందం కొన్ని నెలల తరువాత ‘టర్న్! టర్న్! టర్న్!’ తామే వాయించినప్పుడు 77 టేకులు పట్టాయని మెగ్విన్ చెబుతుంటాడు. ఆ సంఖ్యలో హాస్యం ఎంతో, లెక్క ఎంతో నాకు తెలియదు గానీ, మూడు గంటల్లో రెండు పాటలు ముగించిన జనవరి సెషన్ పక్కన పెట్టి చూస్తే సెషన్ వాద్యకారులకు డబ్బు ఎందుకు ఇచ్చారో అర్థమవుతుంది. ‘టర్న్! టర్న్! టర్న్!’ కూడా అమెరికాలో మొదటి స్థానానికి చేరిందన్నది వేరే సంగతి. బర్డ్స్ వాయించలేనివారు కారు, ఆ రోజుకు వాయించలేనివారు.

ఇంకొక చేయి కూడా ఉంది. పన్నెండు తంత్రుల గిటార్ మామూలుగా మీటగానే మోగి త్వరగా ఆరిపోతుంది. ఈ పాటలో అది ఆరకుండా నిలబడటానికి కారణం ఇంజనీరు రే గెర్‌హార్డ్ దాన్ని శబ్దాల హెచ్చుతగ్గులను తగ్గించే కంప్రెసర్ గుండా గట్టిగా నొక్కి పంపడమే. మెగ్విన్ పేరుకు శాశ్వతంగా అతుక్కుపోయిన ఆ ధ్వనిలో ఆ ఇంజనీరుకూ వాటా ఉంది. వృత్తి అభిమానం అనుకోండి, ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను.

పద్మజ_వయొలిన్

ఈ చర్చ నాకు బాగా దగ్గరిది కనుక చెబుతున్నాను. నేను చెన్నైలో ఏళ్ల తరబడి సినిమా పాటలకు వయొలిన్ వాయించాను. కాల్‌షీట్ లెక్కన వెళ్లడం, నొటేషన్ ముందు పెట్టగానే వాయించడం, వోచరు మీద సంతకం పెట్టి డబ్బు తీసుకుని మరో స్టూడియోకు పరుగెత్తడం. క్యాసెట్ అట్ట మీద సంగీత దర్శకుడి పేరు, రచయిత పేరు, గాయకుల పేర్లు ఉండేవి. మేము పదిహేను మంది కూర్చుని వాయించినా ‘వాద్య బృందం’ అన్న మాట కూడా ఉండేది కాదు.

ఒకసారి ఒక సంగీత దర్శకుడు రెండో బీజీఎం దగ్గర ఏదీ రాయకుండా నాలుగు బార్లు ఖాళీగా వదిలి, “ఇక్కడ ఏదైనా వాయించమ్మా, తరువాత చూద్దాం” అన్నారు. నాకు తోచినది వాయించాను. అదే ఉంచేశారు. ఇప్పుడు ఆ పాట గుర్తుచేసుకునే చాలామంది ముందు ఆ బిట్టునే కూనిరాగం తీస్తారు. పెళ్లిళ్లలో కీబోర్డు వాయించే పిల్లలు కూడా దాన్ని వదలరు. నాకు ఆ రోజు అందింది మామూలు కాల్‌షీట్ డబ్బు. ఆ దర్శకుడి మీద నాకు కోపం లేదు, పద్ధతి అలాంటిది. నా సందేహం ఒక్కటే: అలా పుట్టిన నాలుగు బార్లు ఎవరివి? హాలీవుడ్‌లో నెక్టెల్ ఆ జారుడును తానే ఊహించి వాయించి ఉంటే, అది ఎవరిది?

అనూరాధ (హైదరాబాద్)

పద్మజ గారూ, చట్టం చదివిన దాన్ని బట్టి, రాక్ సంగీతంలోనే దొరికే రెండు ఉదంతాలతో జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఈ రెంటిలోనూ వాద్యకారుడు, గాయని ఇద్దరూ మీలాగే ఖాళీ స్థలాన్ని తమ ఊహతో నింపినవారు.

మొదటిది లూ రీడ్ ‘వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్’, 1972, లండన్‌లోని ట్రైడెంట్ స్టూడియో. ఆ పాటను ఎవరు గుర్తుచేసుకున్నా మొదట గుర్తుకు వచ్చేది జారుతూ సాగే బేస్. దాన్ని వాయించినవాడు హెర్బీ ఫ్లవర్స్ అనే సెషన్ వాద్యకారుడు. పాటలో ప్రధానంగా ఉన్నవి రెండే కార్డులు. ఆయన ముందు నిలువు బేస్ మీద ఒక వరుస వాయించి, తరువాత ఎలక్ట్రిక్ బేస్ మీద దానికి పదో స్వరం ఎత్తున మరొక వరుస కలిపారు. ఆ రెండూ ఒకదానికొకటి పైకీ కిందకీ జారడమే ఆ పాటకు ముఖం. రెండో వాద్యం ఎందుకు అని అడిగితే, ఒకే పాటకు రెండు వాద్యాలు వాయిస్తే రెట్టింపు రుసుము వస్తుంది గనుక అని ఆయన నవ్వుతూ చెప్పేవారు. ఆల్బమ్ అట్ట మీద ఆయన పేరు వేశారు. కానీ రచయితగా నమోదైనది లూ రీడ్ ఒక్కరే. 1990లో ‘ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్’ బృందం ఆ బేస్‌నే ఎత్తి తమ ‘కెన్ ఐ కిక్ ఇట్?’ పాటకు పునాదిగా పెట్టుకుంది. ఆ పాట మీద వచ్చిన రాయల్టీ కూడా లూ రీడ్‌కే చేరింది. ఎత్తుకున్నది ఫ్లవర్స్ వేళ్ల పనిని, డబ్బు వెళ్లింది మాటలు రాసినవారికి. ఇందులో నాకు విచిత్రంగా తోచేది ఏమిటంటే, ఇదే ఫ్లవర్స్ మరొకరితో కలిసి రాసిన ‘గ్రాండ్‌డాడ్’ అనే తాతయ్య పాట 1971లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. రచయితకు ఏం వస్తుందో, వాద్యకారుడికి ఏం వస్తుందో ఆయనకు రెండు వైపుల నుంచీ తెలుసు. అయినా ఆయన కోర్టుకు వెళ్లలేదు.

రెండోది పింక్ ఫ్లాయిడ్ ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’. 1973 జనవరిలో ఒక ఆదివారం ఆబీ రోడ్ స్టూడియోకు క్లేర్ టోరీ అనే గాయనిని పిలిచారు. రిచర్డ్ రైట్ కట్టిన కార్డుల వరుస ఉంది, మాటలు లేవు, రాగమూ లేదు. ఆమె తన గొంతును ఒక వాద్యంలా భావించి ఆశువుగా పాడి, ఆదివారం గనుక రెట్టింపుగా ఇచ్చిన 30 పౌండ్లు తీసుకుని వెళ్లిపోయారు. అట్ట మీద గాయనిగా ఆమె పేరు ఉంది, రచన మాత్రం రైట్ ఒక్కరి పేరునే ఉండిపోయింది. ఆమె 2004లో దావా వేశారు, మరుసటి ఏడాది కోర్టు బయట రాజీ కుదిరింది. అప్పటి నుంచి ఆ పాట రచనలో రైట్ పేరుతో పాటు ఆమె పేరు కూడా వేస్తున్నారు.

ఈ రెంటికీ తేడా ఎక్కడుంది? టోరీ గొంతును తీసేస్తే ఆ పాటకు రాగమే మిగలదు, కనుక ఆమె చేసింది ‘రచన’ అని వాదించడం సులువు. ఫ్లవర్స్ బేస్‌ను తీసేసినా లూ రీడ్ మాటలు, వరుస, కార్డులు మిగులుతాయి, కనుక దాన్ని ‘అలంకారం’ అనేవారు ఉంటారు. చెవికి ఇది అన్యాయంగా తోచవచ్చు, ఎందుకంటే జనం గుర్తుపెట్టుకున్నది ఆ అలంకారాన్నే. మీ నాలుగు బార్లు ఈ రెంటి మధ్య ఎక్కడో పడతాయి. సరిగ్గా ఎక్కడో చెప్పాలంటే ఆ పాట వినాలి, వోచరు మీద ఏం రాసి ఉందో చూడాలి.

మన దేశంలో 2012 కాపీరైటు సవరణ తరువాత ప్రదర్శనకారుడికి రెండు హక్కులు స్పష్టంగా వచ్చాయి. ఆ చట్టంలోని సెక్షన్ 38ఎ ప్రకారం ప్రదర్శనను వాణిజ్యానికి వాడినప్పుడు రాయల్టీ, 38బి ప్రకారం ప్రదర్శనకారుడిగా తన పేరు చెప్పించుకునే హక్కు. గాయకులు ఈ దారిలో కొంత ముందుకు నడిచారు. పదిహేను వయొలిన్లలో ఏడో వయొలిన్‌కు ఎంత, ఎవరి ద్వారా అన్నది ఇంకా తెగని లెక్క.

పద్మజ_వయొలిన్

వోచరు మీద పాట పేరు కూడా ఉండేది కాదండీ. సినిమా పేరు, తేదీ, మొత్తం, సంతకం, అంతే. నాలుగు బార్లు నావని నేను చెప్పాలి, లేదా ఆ రోజు నా పక్కన కూర్చున్నవారు చెప్పాలి.

సీతారామయ్య (చెన్నై)

ఇక్కడే వేణుమాధవ్ గారి మొదటి ప్రశ్నకు, అంటే ఎలా నిర్ధారించారన్న దానికి, జవాబు దొరుకుతుంది. అమెరికాలో వాద్యకారుల సంఘం బలమైనది. సెషన్ అంటే మూడు గంటలు, అందులో పూర్తయ్యే సంగీతం పదిహేను నిమిషాలకు మించకూడదు. ప్రతి సెషన్‌కూ ఒక ఒప్పంద పత్రం నింపి సంఘానికి పంపాలి. దాని మీద తేదీ, స్టూడియో, పాటల పేర్లు, వాద్యకారుల పేర్లు, ఒక్కొక్కరికి చెల్లించిన మొత్తం ఉంటాయి. అది ఎవరికో ఘనత కట్టబెట్టడానికి పెట్టిన పత్రం కాదు, జీతం, పింఛను లెక్కల కోసం పెట్టినది. అందువల్లనే దానిలో గొప్పలు తక్కువ, నిజం ఎక్కువ. అట్టల మీద లేని పేర్లు దశాబ్దాల తరువాత బయటపడింది చాలావరకు ఈ పత్రాల నుంచే.

కానీ దాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మలేము. పత్రంలో పేరు ఉన్నంత మాత్రాన ఆ వాద్యం చివరి మిక్స్‌లో ఉందని అర్థం కాదు. ఏ టేకును ఉంచారో అది చెప్పదు. తరువాత మరో రోజు ఎవరైనా వచ్చి దాని మీద మళ్లీ వాయించి ఉంటే ఆ సంగతి వేరే పత్రంలో ఉంటుంది, ఆ పత్రం పోతే జ్ఞాపకాలే దిక్కు. యాభై ఏళ్ల నాటి జ్ఞాపకాలు, అందులోనూ రోజుకు మూడు సెషన్లు వాయించినవారి జ్ఞాపకాలు, ఎంత నిజాయితీగా చెప్పినా ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

పత్రం లేకుండా చెవితోనే పట్టుకోదగిన సందర్భం ఒకటి చెబుతాను, ఇంట్లో ఎవరైనా చేసి చూడవచ్చు. బీటిల్స్ తొలి సింగిల్ ‘లవ్ మీ డూ’ను 1962 సెప్టెంబరు 4న రింగో డ్రమ్స్‌తో రికార్డు చేశారు. నిర్మాణ పక్షానికి డ్రమ్స్ నచ్చలేదు. వారం తరువాత, 11న, ఆండీ వైట్ అనే సెషన్ డ్రమ్మర్‌ను పిలిచి మళ్లీ చేశారు, రింగో చేతికి టాంబొరిన్ ఇచ్చారు. బ్రిటన్‌లో మొదట వచ్చిన సింగిల్ మీద ఉన్నది రింగో వాయించినది, తొలి ఆల్బమ్‌లో ఉన్నది వైట్ వాయించినది. తేడా తెలుసుకోవడానికి డ్రమ్ముల శైలి గురించి తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. టాంబొరిన్ గలగల వినిపిస్తే డ్రమ్స్ దగ్గర ఉన్నది ఆండీ వైట్. వినిపించకపోతే రింగో. కింక్స్ దగ్గర మిక్ ఎవరీకి ఇచ్చినది కూడా టాంబొరినే అని గుర్తుంచుకోండి. తప్పించిన డ్రమ్మర్‌ను ఊరడించడానికి ఆ రోజుల్లో నిర్మాతల దగ్గర ఉన్న వస్తువు అదొక్కటేనేమో!

రఘురామ్.కె

మొదటి రికార్డే అయినా రింగో వాయించినది నాకు ఏ లోటూ లేకుండా వినిపిస్తుంది. మరి వైట్ ఎందుకు? ఊరికే డబ్బు దండగ కదా.

సీతారామయ్య (చెన్నై)

నాకూ రెంటిలో పెద్ద తేడా వినిపించదు. ఆ సెషన్ నాటికి రింగో బృందంలో చేరి ఒక నెల కూడా కాలేదు. అంతకుముందు జూన్‌లో పీట్ బెస్ట్‌తో చేసిన ప్రయత్నం స్టూడియో వారికి నచ్చలేదు, డ్రమ్స్ గురించి వారికి అప్పటికే అనుమానం పాతుకుపోయింది. ఆ అనుమానం బిల్లు రింగోకు పడింది. నా లెక్కలో ‘లవ్ మీ డూ’ను సెషన్ వాద్యకారుడు మలచిన పాట అనలేము. వైట్ వచ్చినా రాకపోయినా పాట అదే. ‘మిస్టర్ టాంబొరిన్ మ్యాన్’లో అలా అనలేము, ‘వైల్డ్ సైడ్’లో అసలే అనలేము. అందువల్ల పేరు లేని వాద్యకారులందరినీ ఒకే గాటన కట్టి ‘అసలు హిట్లు వీరివే’ అనే ధోరణి నాకు నచ్చదు.

కిరణ్_స్ట్రాట్

సార్, అది కొంచెం అన్యాయం. మలచినా మలచకపోయినా వాయించినవాడి పేరు అట్ట మీద వేయడానికి సిరా ఖర్చు ఎంత? బర్డ్స్ ఆల్బమ్ అట్ట మీద బ్లేన్ పేరు వేస్తే కొంపలు మునిగేవా?

అనూరాధ (హైదరాబాద్)

మునుగుతాయని సంస్థలు భయపడ్డాయి కిరణ్ గారూ. బృందాన్ని అమ్మేది ‘ఈ ఐదుగురు కుర్రవాళ్లు’ అనే నమ్మకంతో. మంకీస్ విషయంలో అది నిజంగానే గొడవ అయింది. తొలి ఆల్బమ్‌లలో వాద్యాలు దాదాపు అన్నీ బయటివారివని తెలిశాక పత్రికలు ఎగతాళి చేశాయి, బృందంలోనూ మైక్ నెస్మిత్ తిరగబడ్డాడు. ఫలితంగా 1967లో ‘హెడ్‌క్వార్టర్స్’ ఆల్బమ్‌ను చాలావరకు తామే వాయించి విడుదల చేశారు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1969లో ‘గెట్ బ్యాక్’ సింగిల్ మీద ‘బీటిల్స్, బిల్లీ ప్రెస్టన్‌తో’ అని లేబుల్ మీదే అచ్చు వేశారు. అమ్మకాలు తగ్గలేదు. అయితే అప్పటికి బీటిల్స్‌ను ఎవరూ అనుమానించే స్థితి లేదు. కొత్త బృందానికి అంత ధైర్యం ఉండదు.

డబ్బు విషయంలో కూడా ఒక మాట. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రచయితకు వస్తుంది, వాయించినవారికి ఏమీ రాదు. ఉపగ్రహ రేడియో, ఇంటర్నెట్ రేడియోల మీద వచ్చే రికార్డింగు రాయల్టీలో మాత్రం నూటికి 5 వంతులు నేపథ్య కళాకారుల కోసం పక్కన పెడతారు, సగం వాద్యకారులకు, సగం గాయకులకు. బ్లేన్ లాంటివారు వేల పాటలకు వాయించారు కాబట్టి ఆ చిన్న వంతు కూడా లెక్కలోకి వస్తుంది. అది చేతికి రావాలంటే ఏ పాటలో వాయించారో రుజువు కావాలి, అంటే మళ్లీ సీతారామయ్య గారు చెప్పిన పత్రమే.

వేణుమాధవ్ (విజయవాడ)

నిన్న రాత్రి సీతారామయ్య గారు చెప్పినట్లు రికెన్‌బ్యాకర్‌ను పక్కన పెట్టి పాటను మళ్లీ విన్నాను. బేస్ జారుడు, మధ్య మధ్య తెగే గిటార్ స్పష్టంగా దొరికాయి. ఇన్నేళ్లూ ఆ రిథమ్ గిటార్ క్రాస్‌బీది అనుకున్నాను. కానీ లియాన్ రస్సెల్ ఎలక్ట్రిక్ పియానో ఎంత వెతికినా చిక్కలేదు. అది నిజంగా ఉందా? ఎవరికైనా వినిపించిందా?

కిరణ్_స్ట్రాట్

నాకు చరణం దగ్గర గిటార్ వెనుక ఏదో సన్నగా గంటలా వినిపిస్తోంది. హెడ్‌ఫోన్‌లో వినండి.

సీతారామయ్య (చెన్నై)

కిరణ్ గారూ, పన్నెండు తంత్రుల గిటార్‌ను అంత గట్టిగా కంప్రెస్ చేసినప్పుడు పై శ్రుతి తంత్రులు అలాగే గంటలా మోగుతాయి, కనుక అది పియానో అని నేను పందెం కాయను. రస్సెల్ ఆ రోజు వచ్చాడు, వాయించాడు, డబ్బు తీసుకున్నాడు. తరువాత మిక్స్ చేసేటప్పుడు ఆ మీటను కిందికి దించేసి ఉండవచ్చు. సెషన్ వాద్యకారుడికి అది కొత్త కాదు. మీట పైన ఉన్నా కింద ఉన్నా మూడు గంటల రుసుము ఒకటే.

పద్మజ_వయొలిన్

మా దగ్గరా అంతే. పాట విడుదలయ్యాక వింటే మేం వాయించిన స్ట్రింగ్స్ ఉండేవి కాదు, వాటి బదులు కీబోర్డు ఉండేది. అనూరాధ గారూ, వోచరు మీద పాట పేరు లేకపోయినా, ఆ రోజు సెషన్ నడిపించిన కండక్టర్ లిఖితపూర్వకంగా సాక్ష్యం ఇస్తే 38బి కింద పనికొస్తుందా? ఆయన ఇంకా ఉన్నారు, జ్ఞాపకం కూడా బాగానే ఉంది.

అనూరాధ (హైదరాబాద్)

ముందు ఆ పాట 2012కు ముందుదా, తరువాతిదా చెప్పండి. ముందుదైతే జవాబు అంత సులువు కాదు. ఏదైనా సరే, ఆయన చేత తేదీ, స్టూడియో, పాట పేరుతో ఇప్పుడే రాయించి పెట్టుకోండి.